గోల్డెన్ రేషియో యాప్‌లో చెల్లికి 61 వచ్చింది, ముక్కు ఆపరేషన్ చేయించుకుంటానంటోంది

పటమట_అక్క
మా చెల్లి బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్లో అమ్మాయిలంతా కలిసి ఒక ఫేస్ స్కోర్ యాప్ వేసుకుని మొహాలు కొలుచుకున్నారట. అందరికీ 70, 75 వస్తే దీనికి 61 వచ్చింది. కింద ఎర్రగీతలు గీసి "గోల్డెన్ రేషియో ప్రకారం నోటి వెడల్పుకీ ముక్కు వెడల్పుకీ ఉండాల్సిన నిష్పత్తి 1.618, మీది 1.32" అని రాసింది. ఆ రోజు నుంచి ఫోటో దిగమంటే చున్నీ అడ్డం పెట్టుకుంటోంది. ఊళ్లోనే ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే వాళ్లూ టాబ్‌లో ఫోటో తీసి, మొహం మీద వల పరిచినట్టు గీతలేసి అదే పాట పాడారు. ముక్కుకి సర్జరీ, గడ్డానికి ఫిల్లర్, రెండూ కలిపి ప్యాకేజీ రాసిచ్చారు.

నాకు అర్థం కానిది ఒకటే. తర్వాత ఇంకో రోజు అదే యాప్, అదే ఫోను, అదే పిల్ల, 73 వచ్చింది. ముక్కు రాత్రికి రాత్రి సన్నబడదు కదా? లెక్క తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు
మా బాబాయికి 88 వచ్చింది. బట్టతల, పొట్ట, గుట్కా పళ్లు. పిన్ని ఆ స్క్రీన్‌షాట్ ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది, వెక్కిరించడానికి.

ఫ్లాష్_బాబు
పెళ్లి ఫోటోలు తీసి బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఫోన్ ముందు కెమెరాకి వైడ్ లెన్స్ ఉంటుంది. వైడ్ లెన్స్ ముక్కుని సాగదీస్తుంది. మేం పోర్ట్రైట్‌కి 85 ఎం.ఎం. లెన్స్ ఎందుకు వేస్తాం మరి? మంచి లెన్స్‌తో తీసిన ఫోటో ఎక్కించండి, స్కోరు దానంతటదే పెరుగుతుంది.

అమరావతి_నాని
లెన్స్ సంగతేమో గానీ గోల్డెన్ రేషియోని మాత్రం తేలిగ్గా తీసిపారేయకండి. పొద్దుతిరుగుడు పువ్వులో ఉంది, శంఖంలో ఉంది, గ్రీకు గుళ్లలో ఉందంటారు. ప్రకృతి మొత్తం దాని మీదే నడుస్తోంది. మనిషి మొహం ఒక్కటే దానికి అతీతమా?

సచివాలయం_సారు
మా ఆఫీసులో ఫేస్ అటెండెన్స్ కూడా ఇలాగే నా మొహం తీసుకోవట్లేదు. మూడుసార్లు కళ్లార్పమంటుంది, తర్వాత ఎర్రర్ అంటుంది. నాక్కూడా ముక్కు కొలత తేడా ఉందంటారా?

కృష్ణలంక_కుర్రోడు
@సచివాలయం_సారు మీది ముక్కు సమస్య కాదు సార్, నెట్‌వర్క్ సమస్య. కిటికీ దగ్గరికెళ్లి ఆర్పండి.

క్లిప్పుల_డాక్టర్
గుంటూరులో పళ్లకి క్లిప్పులు వేస్తుంటాను, మొహాలు కొలవడం నా రోజువారీ పని. అక్కా, మీ ప్రశ్నకి సమాధానం మీ ఇంట్లోనే దొరుకుతుంది. చెల్లి దగ్గర ల్యాబ్ వర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే స్కేలు చాలు. నాలుగు కొలతలు తీసి పెట్టండి. జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది అంచు దాకా పొడవు. చెంప ఎముకల దగ్గర మొహం అన్నిటికంటే ఎక్కువ వెడల్పున్న చోట వెడల్పు. ముక్కు రెండు రెక్కల బయటి అంచుల మధ్య దూరం. నోరు మామూలుగా మూసి ఉన్నప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకి.

దర్జీ టేపుతో చర్మం మీద తీయకండి, వంపు కలిసిపోయి ఎక్కువొస్తుంది. వెడల్పుకి మొహానికి అటూ ఇటూ రెండు లావు పుస్తకాలు నిలబెట్టి వాటి మధ్య దూరం కొలవండి.

@ఫ్లాష్_బాబు మీరు సగం దూరం వచ్చారు. చేసేది లెన్స్ కాదు, దూరం. 85 వేస్తే ఫ్రేమ్ నిండడానికి మీరు వెనక్కి నడవాల్సి వస్తుంది, ఆ నడకే ముక్కుని బాగుచేస్తుంది.

ఫ్లాష్_బాబు
పదిహేనేళ్లుగా లెన్స్ అనే అనుకుంటున్నాం సార్, లెన్స్ కాదంటే ఎలా?

క్లిప్పుల_డాక్టర్
ఒకే చోట స్టాండ్ పెట్టి, ముందు 35, తర్వాత 85 మార్చి తీయండి. 35 ఫోటోలో మొహం ఉన్న ముక్క మాత్రం కత్తిరించి పెద్దది చేయండి. రెండూ ఒకేలా ఉంటాయి. ఈ ఆదివారం మీకు పెళ్లి లేకపోతే చేసి చూడండి.

పటమట_అక్క
కొలిచాం. పుస్తకాల పని చూసి మా అమ్మ నవ్వాపుకోలేకపోయింది. పొడవు 18 సెం.మీ., వెడల్పు 13, ముక్కు 3.6, నోరు 5. ముక్కుకి వర్నియర్ వాడాం, అది తాకగానే చెల్లి తుమ్మింది, మళ్లీ తీశాం.

క్లిప్పుల_డాక్టర్
మంచి కొలతలు. ఇప్పుడు నిదానంగా చదవండి.

మొహం కాగితంలా చదునుగా ఉండదు. ముక్కు కొన ముందుంటుంది. నుదురు, గడ్డం దానికి సుమారు 3 సెం.మీ. వెనక. చెంప ఎముకల బయటి అంచులు చెవుల వైపుకి, సుమారు 9 వెనక. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఫోటోలో ఏ భాగమైనా కెమెరాకి ఎంత దగ్గరుంటే అంత పెద్దగా పడుతుంది, రెట్టింపు దూరంలో ఉంటే సగమే పడుతుంది.

చెల్లి ఫోన్ ముక్కుకి 30 సెం.మీ. దూరంలో పట్టుకుందనుకోండి. మోచెయ్యి మడిచి పట్టుకుంటే అంతే ఉంటుంది. పొడవు ఉన్న భాగం 33 దూరంలో, వెడల్పు ఉన్న భాగం 39 దూరంలో పడతాయి. 18ని 33తో భాగిస్తే 0.545. 13ని 39తో భాగిస్తే 0.333. ఆ ఫోటోలో మొహం పొడవు, వెడల్పుకి 1.64 రెట్లు. అసలు మొహంలో? 18ని 13తో భాగించండి, 1.38.

అదే మొహాన్ని 150 సెం.మీ. నుంచి, అంటే ఐదడుగుల నుంచి తీస్తే 1.44 వస్తుంది. అసలుకి దగ్గరపడింది.

ఇప్పుడు ఒక్క మాట చెప్పండి. ఆ యాప్ రిపోర్టులో మొహం ఆకారానికి స్కోరు ఎంతుంది?

పటమట_అక్క
అయ్యో, దానికి 97 ఇచ్చిందండీ! "మీ ముఖ పొడవు వెడల్పులు దివ్య నిష్పత్తి 1.618కి అతి దగ్గరగా ఉన్నాయి" అని పచ్చరంగులో ఉంది. మేం ఎర్రవే చూశాం, అది పట్టించుకోలేదు.

క్లిప్పుల_డాక్టర్
అనుకున్నా. ఆ పొగడ్త మొహానిది కాదు, చెయ్యి పొడవుది. ఫోన్ 33 సెం.మీ. దగ్గర పట్టుకుంటే సరిగ్గా 1.62 వస్తుంది చూసుకోండి. మీ చెల్లి మొహంలో ఎక్కడా లేని గోల్డెన్ రేషియో ఫోన్ పట్టుకున్న చోటు నుంచి పుట్టింది.

ముక్కుకీ అదే జరిగింది, కాకపోతే ఎదురు తిరిగింది. ముక్కు రెక్కలు కొన కంటే రెండున్నర సెం.మీ. మాత్రమే వెనక ఉంటాయి. నిజంగా అయితే ఆ ముక్కు మొహం వెడల్పులో 28%. 30 సెం.మీ. సెల్ఫీలో 33% అయి కూర్చుంటుంది. 150 నుంచి తీస్తే 29%. అమెరికాలో కొందరు సర్జన్లు 2018లో ఇదే లెక్క కట్టారు. ముక్కు ఆపరేషన్ కావాలని వచ్చేవాళ్లు సెల్ఫీలు చూపించి అడుగుతున్నారని వాళ్లకి సందేహం వచ్చింది. 12 అంగుళాల దూరంలో ముక్కు మొదలు దాదాపు 30% వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. మొహాన్ని ఎలా ఊహించుకున్నారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది, అందుకే నా లెక్కలో 28 నుంచి 33కి, అంటే సుమారు ఐదో వంతే పెరిగింది, వాళ్లకంటే తక్కువ. దారి మాత్రం ఒకటే.

బ్రైడల్_బుజ్జి
డాక్టర్ గారూ, ఇదంతా ఫోటో సంగతి. మేం ఫోటో పెట్టం. మూడు ముళ్ల గోల్డెన్ రేషియో కాలిపర్ నేరుగా మొహం మీదే పెట్టి కనుబొమ్మ గీస్తాం. పొట్టి భాగం లోపలి కొస నుంచి వంపు దాకా, పొడుగు భాగం... సారీ, తిరగేసి చెప్పాను. పొడుగు భాగం లోపలి కొస నుంచి వంపు దాకా, పొట్టి భాగం వంపు నుంచి బయటి కొస దాకా. అరండల్‌పేటలో నా పార్లర్‌కి వచ్చిన పెళ్లికూతుళ్లలో ఒక్కరు కూడా కనుబొమ్మలు బాలేదనలేదు. మరి అదెలా పనిచేస్తోంది?

క్లిప్పుల_డాక్టర్
కనుబొమ్మ మీరు గీస్తున్నారు కాబట్టి పనిచేస్తోంది. మీ చేతిలో ఉన్నది గీయడానికి కొలబద్ద. రెండు కనుబొమ్మలూ ఒకే కొలతకి వస్తాయి, అది నిజమైన ఉపయోగమే. కాలిపర్‌ని 1.5కి బిగించినా రెండూ సమానంగానే వచ్చేవి, పెళ్లికూతురు అప్పుడూ బావుందనేది.

అదే కాలిపర్‌తో ఉన్న ముక్కునో నోటినో కొలిచి "తప్పు" అంటేనే తంటా. కనుబొమ్మ బయటి కొస ఎక్కడ ఆగిందో ఇద్దరు బ్యూటీషియన్లని చుక్క పెట్టమనండి, రెండు చుక్కలు పడతాయి. చర్మం మీద గీటు ఉండదు కదా.

బ్రైడల్_బుజ్జి
1.5తో గీస్తే బాగోదండీ. చేత్తో గీసేవాళ్లకే తెలుస్తుంది. మీరు పళ్లు చూడండి.

కృష్ణలంక_కుర్రోడు
గుంటూరు వర్సెస్ గుంటూరు. మిర్చి బజ్జీ తెచ్చుకుని కూర్చుంటా.

కోడ్_కాకి
యాప్ వైపు నుంచి నేను చెప్తాను. ఫ్రీలాన్స్‌గా ఇలాంటిదొకటి రాసిచ్చాను, డబ్బులు సగమే వచ్చాయి, అది వేరే కథ.

ఫోటోలో మొహం దొరకగానే ప్రోగ్రామ్ దాని మీద చుక్కలు పెడుతుంది. ఎక్కువమంది వాడే పాత పద్ధతిలో 68 చుక్కలుంటాయి. దవడ అంచుకి 17, మిగతావి కనుబొమ్మలు, కళ్లు, ముక్కు, నోటికి. కనుబొమ్మల పైన ఒక్క చుక్క కూడా లేదు. నుదురు ఎక్కడ ఆగి జుట్టు ఎక్కడ మొదలైందో దానికి తెలీదు. మరి మొహం పొడవు ఎలా కొలుస్తుంది? ఊహిస్తుంది. మా క్లయింటు "కనుబొమ్మ నుంచి ముక్కు కింద దాకా ఎంతుందో అంతే పైకి కలిపేయ్" అన్నాడు, కలిపేశా. కొత్త పద్ధతుల్లో 468 చుక్కలుంటాయి, నుదుటి మీద కూడా పడతాయి. అయినా అది తయారుగా ఉన్న ఒక బొమ్మ మొహాన్ని సాగదీసి అతికించడమే, జుట్టు అంచుని వెతకదు.

కాబట్టి @కృష్ణలంక_కుర్రోడు, మీ బాబాయి బట్టతలని యాప్ చూడనే లేదు. ఆయనకి అందరిలాగే జుట్టుందనుకుంది.

కృష్ణలంక_కుర్రోడు
ఈ మాట బాబాయికి చెప్తే ఏడుస్తాడు, ఆనందంతో.

కోడ్_కాకి
స్కోరు కట్టిన లైను ఇదీ. ఒక్కో నిష్పత్తికి ఇదే నడుస్తుంది, చివర్లో సగటు తీస్తుంది.

```
score = 100 - 100 * abs(r - 1.618) / 1.618
```

1.32 పెడితే 82 వస్తుంది. మరి రిపోర్టులో 61 ఏంటంటారా? క్లయింటు 82 చూసి "ఇంత వస్తే ఎవడు డబ్బు కట్టి ప్రీమియం కొంటాడు" అన్నాడు. అందుకని చివర్లో ఇంకో లైను పెట్టి స్కోర్లన్నీ కిందికి లాగాం. 95 దాటకూడదు, 40 కిందికి పోకూడదు. 40 కింద వస్తే కోపం వచ్చి యాప్ తీసేస్తారు, 95 దాటితే ఇంక తెరవరు. మీ చెల్లి వాడిన యాప్ ఎవరిదో నాకు తెలీదు, అది ఇంకోలా కట్టి ఉండొచ్చు. నాది మాత్రం ఇంతే.

పటమట_అక్క
అంటే ఆ 61ని ఒక మీటింగ్‌లో కూర్చుని డిసైడ్ చేశారా!

కోడ్_కాకి
మీటింగ్ కూడా కాదు, బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టు.

గుంటూరు_అత్తయ్య
మొన్న మావాడికి వచ్చిన ఒక సంబంధం బయోడేటాలో ఎత్తు, రంగు, గోత్రం, కింద "ఫేస్ స్కోర్ 8.4" అని రాశారు. పదికా, వందకా అని అడుగుదామనుకున్నా, మావారు ఊరుకోమన్నారు.

అమరావతి_నాని
యాప్‌లు మోసం అంటే ఒప్పుకుంటా. యాప్ చెడ్డదైతే నిష్పత్తి చెడ్డదైపోదు. 2019లో లండన్ సర్జన్ ఒకాయన మోడల్ బెల్లా హదీద్ మొహం 94.35% గోల్డెన్ రేషియోకి సరిపోయిందని చెప్తే పేపర్లన్నీ రాశాయి. ఆయన యాప్ వాడలేదు, కంప్యూటర్ మీద మ్యాపింగ్ చేశాడు. దానికేమంటారు?

క్లిప్పుల_డాక్టర్
ఆ చివరి 35 చూడండి. కంటి వెడల్పు సుమారు 3 సెం.మీ. ఉంటుంది. కంటి మూలలో చుక్క ఒక్క మిల్లీమీటరు పక్కకి పడితే కొలత 3% మారిపోతుంది. మనిషి చేత్తో పెట్టినా, ప్రోగ్రామ్ పెట్టినా మిల్లీమీటరు తేడా మామూలే. అలాంటి కొలతలు కలిపి తీసిన అంకెలో దశాంశం తర్వాత రెండు స్థానాలు రాయడం ఉట్టి అలంకారం.

ఇక నిష్పత్తి సంగతి. గణితంలో అది చాలా పాతది, యూక్లిడ్ దగ్గరే ఉంది. 1509లో పచోలీ అనే ఇటలీ లెక్కల పండితుడు దాని మీద పుస్తకం వేశాడు, అందులో ఘనాల బొమ్మలు లియొనార్డో వేశాడు. యాప్‌లలో లియొనార్డో బొమ్మ పెట్టేది అందుకే కావచ్చు. కానీ మనిషి శరీరం దగ్గరికొచ్చేసరికి అదే పచోలీ చెప్పింది రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ పాత లెక్కలే, మూడో వంతు, పదో వంతు లాంటివి. మనిషి ఒళ్లంతా ఈ నిష్పత్తిలోనే ఉందని గట్టిగా ప్రచారం మొదలుపెట్టింది జైజింగ్ అనే జర్మన్, 1854లో. అక్కడి నుంచి పట్టుకుని కాలిఫోర్నియాలో మార్క్వార్ట్ అనే సర్జన్ ఒక ముసుగు గీశాడు. ఈ వలలాంటి గీతలు చాలావరకు దాని పిల్లలే.

అమరావతి_నాని
ఎవరు మొదలుపెడితే ఏంటి సార్, సరిపోతోందా లేదా అన్నది కదా ప్రశ్న.

క్లిప్పుల_డాక్టర్
న్యాయమైన మాట. సరిపోవట్లేదు. ఆ ముసుగుని పరిశీలించి 2008లో ఒక పేపర్ వచ్చింది. అది ఎక్కువగా సరిపోయేది కాస్త మగపోలికలున్న యూరప్ ఆడవాళ్లకి, అంటే ఫ్యాషన్ మోడళ్ల బాపతు మొహానికి. ఆఫ్రికా, తూర్పు ఆసియా వాళ్లకి అసలు సరిపోదు. పటమట పిల్ల ముక్కుని దాంతో కొలిస్తే వెడల్పనే చెప్తుంది.

నాకు నచ్చింది 2010లో వచ్చిన పరిశోధన. ఒక్కో అమ్మాయి ఫోటో తీసుకుని అందులోనే కళ్లకీ నోటికీ మధ్య దూరం, రెండు కళ్ల మధ్య దూరం కంప్యూటర్‌లో కొంచెం కొంచెం మార్చి, ఏది బాగుందో జనాన్ని అడిగారు. కళ్ల నుంచి నోటికి దూరం మొహం పొడవులో 36% దగ్గర, కళ్ల మధ్య దూరం మొహం వెడల్పులో 46% దగ్గర ఉన్నప్పుడు ఎక్కువమందికి నచ్చింది. రెండిట్లో ఏదీ 1.618కి పొంతన లేదు. తమాషా ఏంటంటే, ఆ 36, 46 సగటు మొహానికి ఉండే కొలతలే. సగటు మొహాలు జనానికి నచ్చుతాయని 1990 నుంచే పరిశోధనలున్నాయి.

కోడ్_కాకి
అయితే రేపు ఎవడో 36, 46 పెట్టి కొత్త యాప్ దించుతాడు. దించితే నాకు చెప్పండి, రేటు మాట్లాడుకుంటా.

క్లిప్పుల_డాక్టర్
దించినా ఉపయోగం లేదు. అదే అమ్మాయికి తన మొహంలోనే కళ్లు ఎక్కడుంటే బాగుంటుందో చెప్పింది ఆ పరిశోధన. ఇద్దరమ్మాయిలని పక్కపక్కన పెట్టి ఎవరు అందగత్తె అన్నది దాంతో తేలదు. 36, 46 ఉన్నా మామూలుగా కనిపించేవాళ్లు ఎందరో ఉంటారు.

దుర్గి_ఉలి
మా ఇంట్లో తాతల నుంచి రాయి చెక్కే పని. మాకు కొలత తాళం. మొహం ఒక తాళం, అంటే 12 అంగుళాలు, ఇంగ్లీషు అంగుళం కాదు. నుదురు 4, ముక్కు 4, ముక్కు కింది నుంచి గడ్డం 4. దేవుడి విగ్రహానికి అలాంటి మొహాలు తొమ్మిది పేర్చితే ఒళ్లు. ఎక్కడా 1.618 లేదు, అన్నీ పూర్ణాంకాలు. ఇంకోటి, ఈ కొలత దేవుడి బొమ్మకి. ఊళ్లో పెద్దమనిషి బొమ్మ చెక్కమంటే తాళం పక్కనపెట్టి ఆయన ఫోటో చూసే చెక్కుతాం. తాళం ప్రకారం చెక్కితే వాళ్ల కొడుకులే గుర్తుపట్టరు.

గుంటూరు_అత్తయ్య
ఆఖరి ముక్క బాగా చెప్పావు నాయనా.

అమరావతి_నాని
పూర్ణాంకాలైనా నియమం నియమమే కదా. మన పెద్దవాళ్లూ కొలతే నమ్మారు.

దుర్గి_ఉలి
నమ్మారు, రాయికి.

అమరావతి_నాని
సరే, పొద్దుతిరుగుడు సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

కోడ్_కాకి
పొద్దుతిరుగుడు నిజమే. గింజల వరసలు ఒకవైపు 34, ఇంకోవైపు 55 లెక్కపెట్టొచ్చు. కొత్త గింజకి చోటు దొరికే తీరు అలాంటిది. శంఖం మాత్రం మీరనుకున్నట్టు లేదు, దాని సుడి వేరే లెక్కలో పెరుగుతుంది. గింజలు పేరే పద్ధతికీ ముక్కు వెడల్పుకీ ఏ సంబంధమూ లేదు, ముక్కు అలా పెరగదు.

పటమట_అక్క
డాక్టర్ గారూ, అసలు ప్రశ్న మిగిలిపోయింది. రెండోసారి 73 ఎలా వచ్చింది? రెండుసార్లూ చేత్తోనే తీసింది, దూరం మారలేదు.

క్లిప్పుల_డాక్టర్
రెండో ఫోటోలో నవ్విందా?

పటమట_అక్క
చూశాను. నవ్వింది! నేను పక్కన ఏదో జోకు వేశాను.

క్లిప్పుల_డాక్టర్
నోరు 5, ముక్కు 3.6. నిష్పత్తి 1.39. సెల్ఫీలో ముక్కు ముందుకి రావడంతో 1.32కి దిగింది, మీ రిపోర్టులో ఉన్నది అదే. నవ్వితే నోటి మూలలు పక్కకి జరుగుతాయి, 5 కాస్తా 6.2 దాకా పోవచ్చు. ముక్కు రెక్కలూ కొంచెం విచ్చుకుని 3.8 అవుతాయి. 6.2ని 3.8తో భాగించండి, 1.63. సెల్ఫీలో అదీ కాస్త దిగి 1.55 దగ్గర ఆగుతుంది, అయినా 1.32 కంటే 1.618కి చాలా దగ్గర. జోకు వేసి గోల్డెన్ రేషియో దగ్గరికి తెప్పించారు మీరు. ఇంకాస్త గట్టిగా నవ్వి ఉంటే అది దాటిపోయి స్కోరు మళ్లీ తగ్గేది.

దీనికి తోడు తల వంపు ఉంది. గడ్డం కొంచెం దించినా ఎత్తినా పొడవు కొలతలన్నీ మారతాయి, అడ్డం కొలతలు పెద్దగా మారవు. నేను పేషెంటు ఫోటో తీసేటప్పుడు గోడ దగ్గర నిలబెట్టి, ఎదురుగా అద్దంలో తన కళ్లలోకి తను చూడమని, ఐదడుగుల దూరం నుంచి, పెదాలు వదులుగా ఉన్నప్పుడు తీస్తాను. ఇన్ని చూసుకున్నా కొలతలకి ఎక్స్‌రే మీదే ఎక్కువ ఆధారపడతాను.

ఫ్లాష్_బాబు
డాక్టర్ గారు చెప్పినట్టు స్టాండ్ కదపకుండా 35, 85 రెండూ వేసి చూశా, మా అసిస్టెంట్ కుర్రాణ్ణి నిలబెట్టి. కత్తిరించి పక్కపక్కన పెడితే ముక్కు ఒకేలా ఉంది. కానీ 85 ఫోటోలో వెనక వెలుతురు బాగొచ్చింది, లెన్స్ లెన్సే.

బ్రైడల్_బుజ్జి
సార్, మీరు ఎక్స్‌రేలో కొలుస్తారు కదా, అక్కడా "ఇంత ఉండాలి" అని నార్మ్ ఉంటుంది. మీది సైన్సు, మాది మోసమా?

క్లిప్పుల_డాక్టర్
మంచి ప్రశ్నే వేశారు. మా నార్మ్ అంటే చాలామందిని కొలిచి తీసిన సగటు, దాని పక్కన ఎంత అటూ ఇటూ ఉండొచ్చో కూడా రాసి ఉంటుంది. ఆడవాళ్లకి, మగవాళ్లకి, ఏ ప్రాంతం వాళ్లకి అన్నది వేరువేరు. అమెరికా టేబుల్ పెట్టుకుని మనవాళ్ల దవడ కొలిస్తే చాలామందికి పళ్లు ముందుకున్నాయని చెప్పాల్సి వస్తుంది, ఈ తప్పు మా వృత్తిలోనూ జరిగింది. కింది దవడ ఎంత వెనకుంది, పళ్లు ఎటు జరపాలి అన్నదానికి ఆ కొలత పనికొస్తుంది. పిల్ల అందంగా ఉందా లేదా అన్నదానికి నా దగ్గర టేబుల్ లేదు.

సచివాలయం_సారు
కిటికీ దగ్గర పనిచేసింది. థాంక్స్ @కృష్ణలంక_కుర్రోడు.

పటమట_అక్క
ఈ లెక్కంతా చెల్లికి చూపించాను. 1.64, 33% దగ్గర ఆగి తనే మళ్లీ వేసుకుంది, ఇంజినీరింగ్ పిల్ల కదా. అంతా అయ్యాక "సరే, యాప్ తప్పు. కానీ నా ముక్కు నాకు నచ్చట్లేదు" అంది. దానికేం చెప్పాలో నాకు తోచలేదు.

గుంటూరు_అత్తయ్య
ఇరవై ఏళ్లప్పుడు ఎవరికి నచ్చింది తల్లీ వాళ్ల ముక్కు.

క్లిప్పుల_డాక్టర్
నచ్చట్లేదన్నది తన ఇష్టం, దాన్ని లెక్కతో కొట్టేయలేం. చేయించుకోవాలనే ఉంటే తొందరలేదు, ఈ వయసులో ఏడాది ఆగినా ముక్కు ఎక్కడికీ పోదు. ఆ క్లినిక్‌కే వెళ్లేట్టయితే మూడు అడగండి. ఫోటో ఎంత దూరం నుంచి తీశారు? టాబ్ చేతిలో పట్టుకుని తీశారంటే ఆ వల కూడా సెల్ఫీ లాంటిదే. "తర్వాత ఇలా ఉంటారు" అని చూపించిన బొమ్మలో ఏం మార్చారు, ఎన్ని మిల్లీమీటర్లు? మార్చాక ఊపిరి ఆడటానికి ఇబ్బంది ఉండదా? ముక్కు రెక్కలు మరీ సన్నం చేస్తే ఆ ఇబ్బంది వచ్చే అవకాశం ఉంది. చెప్పలేక 1.618 దగ్గరికే తిరిగొస్తే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి. ప్యాకేజీలో ముక్కుకి గడ్డం కలిపారంటే అది ఎందుకో కూడా విడిగా అడగండి. గడ్డం వెనక్కి ఉంటే ముక్కు పెద్దగా కనిపించే మాట నిజమే, కానీ అది పక్క నుంచి చూసి చెప్పాల్సింది, ఎదురు ఫోటో మీద గీతలేసి కాదు.

పటమట_అక్క
పక్క నుంచి ఫోటోనే తీయలేదండీ వాళ్లు.

కృష్ణలంక_కుర్రోడు
డబ్బులు మాత్రం ఎదురుగానే తీసుకుంటారు.

బ్రైడల్_బుజ్జి
క్లినిక్ సంగతి మీరన్నట్టే. నా కాలిపర్ మాత్రం పారెయ్యను, చెప్తున్నా. రేపు నాలుగు ముహూర్తాలున్నాయి.